కాలేజీలో చేసిన రెండు యాప్‌లే ఉంటే కవర్ లెటర్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: అక్కా, నాది ఒంగోలు దగ్గర కాలేజీ, ఈ ఏడాదే సీఎస్‌ఈ బీటెక్ అయిపోయింది. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ జూనియర్ మొబైల్ డెవలపర్ కావాలని ప్రకటన ఇచ్చింది. కోట్లిన్ రావాలట, నెట్ లేకపోయినా పనిచేసే యాప్ చేసుంటే ఇంకా మంచిదట. రెజ్యూమెతో పాటు కవర్ లెటర్ అడిగారు. నా దగ్గర రెండు చిన్న యాప్‌లే ఉన్నాయి. ఒకటి అటెండెన్స్ లెక్కేసేది, మా సెక్షన్ వాళ్ళు వాడారు. మొదట్లో అందరికీ సున్నా శాతం చూపించి నవ్వులపాలైంది, తర్వాత సరిచేశా. రెండోది ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు, కొత్తపట్నం దగ్గర మా బాబాయి రొయ్యల గుంటల్లో మేత లెక్కలు రాసుకునే యాప్. ఫోన్‌లో డేటా దాచడానికి రూమ్, నెట్‌లో దాచడానికి ఫైర్‌స్టోర్ వాడాం. నలుగురం చేశాం, మేత ఎంట్రీ, సింక్ నావి. రెండు ఫోన్లలో రాస్తే ఒకరి ఎంట్రీ మీద ఇంకొకరిది పడి పోయేది, అది నేనే పట్టుకుని సరిచేశా. ఈ గొడవలన్నీ దాచేసి ‘మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో నా నైపుణ్యాలను...’ అంటూ రెండు పేజీలు రాశా. రెండు యాప్‌లూ ప్లే స్టోర్‌లో లేవు. ఎలా మార్చాలి?

జవాబు: తమ్ముడూ, నువ్వు దాచేసిన ఆ రెండు గొడవలే లెటర్‌లో ఉండాలి. మిగతా రెండు పేజీల్లో చాలా భాగం తీసేయొచ్చు.

నేను ఆండ్రాయిడ్ పనిలోనే ఉన్నాను. మా టీమ్‌లోకి ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు హెచ్‌ఆర్ నుంచి లెటర్లు నా దగ్గరికి వస్తాయి. ఫ్రెషర్ లెటర్ తెరవగానే నాలాంటి వాళ్ళ మనసులో ఉండే అనుమానం ఒకటే: ఈ ప్రాజెక్టు ఈ అబ్బాయి చేసిందేనా? ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు రిపోర్టుతో, పీపీటీతో సహా డబ్బిస్తే దొరుకుతాయన్న సంగతి అందరికీ తెలుసు. అమీర్‌పేటలో దొరుకుతాయి, మన ఊళ్ళలోనూ దొరుకుతాయి. కొన్నవాడు కూడా ‘కోట్లిన్, రూమ్, ఎంవీవీఎం వాడి ఆక్వా మేనేజ్‌మెంట్ సిస్టమ్ రూపొందించాను’ అనే రాస్తాడు. నువ్వూ అదే వాక్యం రాస్తే నిన్ను వాడి నుంచి విడదీసి చూడటానికి నాకు ఆధారం ఉండదు. నిజంగా వాడుతున్నప్పుడు యాప్‌లో ఏం చెడింది, ఎందుకు చెడింది, బాగైందని ఎలా తెలిసింది, ఈ మూడూ మాత్రం కొన్న ప్రాజెక్టుతో పాటు రావు. నీ దగ్గర అవి రెండు యాప్‌లకీ ఉన్నాయి.

లెటర్ ఒక పేజీ దాటకూడదు. ఇంగ్లీషులో రెండువందల యాభై, మూడువందల మాటలు చాలు. అందులో మేత యాప్ ముందు రావాలి, దానికే సగం చోటు ఇవ్వు. వాళ్ళు నెట్ లేకుండా పనిచేసే యాప్ అడిగారు, నీది అదే. అటెండెన్స్ యాప్ రెండోది, మూడు నాలుగు వాక్యాలు చాలు. అది ముందు చేశావు కాబట్టి ముందే రాయాలనేమీ లేదు. ప్రకటనలో ఏది అడిగారో దాన్ని బట్టి వరుస మారుతుంది. రేపు ఇంకో కంపెనీకి పంపేటప్పుడు వరుస తిరగబడొచ్చు.

ఇక మేత యాప్ సంగతి. మా వైపు కూడా గుంటలే కాబట్టి నాకు దృశ్యం కనబడుతోంది, కానీ హైదరాబాద్‌లో చదివేవాళ్ళకి కనబడదు. వనామీ రొయ్యకి రోజుకి మూడు నాలుగు సార్లు మేత వేస్తారు. వేశాక గంటో రెండు గంటలో ఆగి చెక్ ట్రే పైకి లాగి మేత మిగిలిందా, తినేశాయా చూసి, తర్వాతి పూట ఎంత వేయాలో తేల్చుకుంటారు. ఈ లెక్క గట్టు మీదే రాసుకోవాలి, ఇంటికొచ్చాక రాద్దామంటే తప్పిపోతుంది. గట్టు మీద సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఇదంతా లెటర్‌లో వద్దు. ‘గుంటల దగ్గర సిగ్నల్ నిలకడగా ఉండదు, అందుకే ఎంట్రీ ముందు ఫోన్‌లోనే పడాలి’ అన్న ఒక్క వాక్యం చాలు. రూమ్ ఎందుకు వాడారో దాంతోనే అర్థమవుతుంది. టెక్నాలజీ పేర్ల జాబితా రాయడం కంటే ఈ పద్ధతి ఎప్పుడూ మేలు. ఒక్కో పేరూ దాని అవసరం పక్కనే రావాలి.

ఆ తర్వాత నీ బగ్. నువ్వు చెప్పినదాన్ని బట్టి కారణం ఇదై ఉంటుంది, నీ కోడ్‌తో సరిచూసుకో. రూమ్‌లో ఒక్కో ఎంట్రీని గుర్తించే ప్రైమరీ కీకి `autoGenerate = true` పెట్టి ఉంటారు. మీ బాబాయి ఫోన్‌లో ఎంట్రీలకి 1, 2, 3 అని నంబర్లు పడతాయి. గుంట దగ్గర ఉండే మనిషి ఫోన్‌లో కూడా 1, 2, 3 అనే పడతాయి. ఏ ఫోన్‌కి ఆ ఫోన్‌లో తప్పేమీ లేదు. కానీ పైకి పంపేటప్పుడు ఆ నంబర్‌నే ఫైర్‌స్టోర్‌లో డాక్యుమెంట్ ఐడీగా ఇస్తే, ఒక ఫోన్ రాసిన ‘7’ మీద ఇంకో ఫోన్ ‘7’ వచ్చి కూర్చుంటుంది. `set()` పాతది ఉందా లేదా అని అడగదు, పూర్తిగా కొత్తది రాసేస్తుంది. ఎర్రర్ రాదు, యాప్ క్రాష్ కాదు. నెలాఖరున మేత బస్తాల లెక్క యాప్‌లో తక్కువ చూపిస్తుంది, అంతే. ఒక్క ఫోన్‌తో పరీక్షిస్తే ఇది ఎప్పటికీ బయటపడదు. కాలేజీ ల్యాబ్‌లో ఎమ్యులేటర్ మీద చూపించి మార్కులు తెచ్చుకున్న ప్రాజెక్టుల్లో ఈ తప్పు అలాగే ఉండిపోతుంది. నీకు బయటపడిందంటే దాన్ని ఇద్దరు మనుషులు రెండు ఫోన్లలో నిజంగా వాడారన్నమాట. చదివే డెవలపర్‌కి ఆ సంగతి చెప్పకుండానే తెలిసిపోతుంది.

నీ దిద్దుబాటు దాదాపు ఇలా ఉండి ఉంటుంది:

```kotlin
@Entity
data class FeedEntry(
    @PrimaryKey val id: String = UUID.randomUUID().toString(),
    val pondId: String,
    val feedGrams: Int,
    val fedAt: Long,
    val synced: Boolean = false
)
```

ఎంట్రీ పుట్టేటప్పుడే ఫోన్ దానికి యూయూఐడీ అనే పొడవాటి యాదృచ్ఛిక ఐడీ ఇస్తుంది, రెండు ఫోన్లలో ఒకే ఐడీ వచ్చే భయం ఆచరణలో ఉండదు. ఇంకో మేలు కూడా ఉంది. పంపుతుండగా నెట్ పోయి అదే ఎంట్రీ మళ్ళీ వెళ్ళినా అదే ఐడీ మీద పడుతుంది కాబట్టి రెండుసార్లు లెక్కకి రాదు. ఈ కోడ్ లెటర్‌లో పెట్టకు. కారణం ఒక వాక్యం, దిద్దుబాటు ఒక వాక్యం, సరిచూసిన పద్ధతి ఒక వాక్యం.

ఆ మూడో వాక్యమే చాలామంది మర్చిపోతారు. ‘బగ్ సరిచేశాను’ అనడానికీ, ‘రెండు ఫోన్లనీ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి చెరో పది ఎంట్రీలు రాసి, నెట్ ఆన్ చేశాక పైన ఇరవై ఉన్నాయని చూశాను’ అనడానికీ చాలా తేడా ఉంది. నువ్వు ఇలా చూసి ఉండకపోతే లెటర్ పంపేముందు నిజంగా చూడు. అరగంట పని. చూడకుండా రాస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతావు.

ఆ ప్రశ్నలేమిటో కూడా చెబుతా, ఎందుకంటే లెటర్‌లో రాసిన ప్రతి మాటా ఇంటర్వ్యూలో ప్రశ్నగా తిరిగొస్తుంది. మొదటిది, ‘ఫైర్‌స్టోర్ ఆండ్రాయిడ్‌లో తనంతట తానే ఆఫ్‌లైన్‌లో పనిచేస్తుంది కదా, మళ్ళీ రూమ్ ఎందుకు?’ ఇది నేనైతే తప్పకుండా అడుగుతా. గుంట వారీగా, వారం వారీగా మేత మొత్తం తీయడానికి ఎస్‌క్యూఎల్ సులువని చెప్పొచ్చు, అది నిజంగా మీ కారణమైతే. ‘అప్పటికి ఆ సంగతి మాకు తెలియదు, ఇప్పుడైతే ముందు ఫైర్‌స్టోర్ ఒక్కటే సరిపోతుందేమో చూసేవాణ్ణి’ అన్నా తప్పేం లేదు, నాకు ఆ జవాబే ఎక్కువ నచ్చుతుంది. రెండోది, ‘కీని పూర్ణ సంఖ్య నుంచి టెక్స్ట్‌కి మార్చావు, అప్పటికే ఫోన్‌లో ఉన్న పాత ఎంట్రీలు ఏమయ్యాయి?’ రూమ్‌లో కీ రకం మార్చాలంటే కొత్త టేబుల్ చేసి, పాత వరుసలు అందులోకి ఎక్కించి, పాతది తీసేసి పేరు మార్చాలి. చాలామంది అంత దూరం పోకుండా `fallbackToDestructiveMigration()` పెట్టేస్తారు. అప్పుడు డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. నువ్వు ఏది చేశావో అది చెప్పు. మూడోది, ‘ఒకే ఎంట్రీని ఇద్దరూ దిద్దితే?’ యూయూఐడీ ఈ సమస్యని తీర్చదు. చివర పైకి చేరినదే మిగులుతుంది. ఈ పరిమితిని లెటర్‌లోనే ఒక వాక్యంలో ఒప్పేసుకో. అడగకముందే తన కోడ్‌లో ఎక్కడ సందు ఉందో చెప్పే ఫ్రెషర్లు తక్కువ.

నలుగురం అన్నావు కదా, అది కూడా సూటిగా రాయి. ‘నలుగురం చేశాం, మేత ఎంట్రీ, సింక్ నేను రాశాను’ అంటే చాలు. అన్నీ ‘నేను’ అని రాస్తే కోడ్ దాచిన గిట్ రెపో తెరిచినవాళ్ళకి తెలిసిపోతుంది, అన్నీ ‘మేము’ అని రాస్తే నీ పని ఏదో ఎవరికీ తెలియదు. రెపోలో ఒకసారి ఈ కమాండ్ కొట్టి చూసుకో:

```
git shortlog -sn
```

ఎవరి పేరు మీద ఎన్ని కమిట్‌లు ఉన్నాయో వస్తుంది. మన దగ్గర తరచూ జరిగేదేమిటంటే, ఒక్కరి ల్యాప్‌టాప్ మీదే అందరూ కూర్చుని చేస్తారు, కమిట్‌లన్నీ ఆ ఒక్కరి పేరు మీదే ఉంటాయి. నీ పరిస్థితి అదే అయితే హిస్టరీని తిరగరాసే పని పెట్టుకోకు, అది ఇంకా అనుమానం తెస్తుంది. రీడ్‌మీలో ఎవరు ఏ భాగం చేశారో నాలుగు లైన్లు రాసి, మిగతా ముగ్గురికీ చూపించి పెట్టు.

అటెండెన్స్ యాప్‌కి వద్దాం. అటెండెన్స్ యాప్ చేయని ఫ్రెషర్ నాకు దాదాపు కనబడలేదు, కాబట్టి యాప్ గురించి గొప్పలు చెబితే కళ్ళు ముందుకి జారిపోతాయి. నీ సున్నా శాతం కథ మాత్రం ఆపి చదివిస్తుంది. అది జరిగింది ఇలాగే కదా:

```kotlin
val wrong = attended / held * 100   // 84 / 120 -> 0
val right = attended * 100 / held   // 8400 / 120 -> 70
```

రెండూ పూర్ణ సంఖ్యలైతే కోట్లిన్ భాగహారంలో దశాంశాన్ని కొట్టేస్తుంది. 84ని 120తో భాగిస్తే 0.7 రావాలి, సున్నా వస్తుంది, దాన్ని వందతో గుణించినా సున్నానే. అందరికీ సున్నా అన్నావు కానీ ఒక్క క్లాసూ మానని వాళ్ళు మీ సెక్షన్‌లో ఎవరైనా ఉంటే వాళ్ళకి మాత్రం 100 చూపించి ఉంటుంది. గుర్తుంటే ఆ ముక్క కూడా వేసుకో, కారణం ఎలా పట్టావో చెప్పడానికి బాగుంటుంది.

ఇక్కడితో ఆపితే ఇది మొదటి సంవత్సరం పిల్లల తప్పులాగే ఉంటుంది. దాని తర్వాతి మెట్టు రాయి. 75 శాతం గీత దగ్గర రౌండింగ్ ఎటు చేయాలి? 360 క్లాసుల్లో 269కి వెళ్ళినవాడికి 74.72 వస్తుంది. దగ్గరి పూర్ణ సంఖ్యకి రౌండ్ చేస్తే యాప్ 75 అని చూపిస్తుంది, వాడు నిశ్చింతగా ఇంకో క్లాసు మానేస్తాడు, కాలేజీ లిస్టులో మాత్రం హాజరు తక్కువై కాండొనేషన్ అడగాల్సిన వాళ్ళలో తేలతాడు. కాబట్టి ఇక్కడ ఎప్పుడూ కిందికే దించాలి. పైన రాసిన రెండో లైన్ ఆ పని దానంతటదే చేస్తుంది. ఇంకా ఎన్ని క్లాసులకి వరసగా వెళ్తే గట్టెక్కుతారో చూపిస్తున్నావా? జరిగినవి `T`, వెళ్ళినవి `A` అయితే కావలసినవి `3T - 4A`. 120లో 84 అయితే 360లోంచి 336 తీసేయాలి, 24 క్లాసులు. అప్పుడు 144లో 108 అవుతుంది, సరిగ్గా 75. ఈ లెక్క లెటర్‌లో వద్దు, కానీ ఇంటర్వ్యూలో బోర్డు మీద రాయమంటే చేయి ఆగకూడదు. మన జేఎన్‌టీయూ కాలేజీల్లో చదవని వాళ్ళకి 75 గీత సంగతి తెలియకపోవచ్చు, అందుకే ‘పరీక్షకి కూర్చోవాలంటే 75 శాతం హాజరు ఉండాలి’ అని నాలుగు మాటల్లో చెప్పు.

ఎంతమంది వాడారన్న దగ్గర జాగ్రత్త. యాప్ ఫైలు ఏపీకేని వాట్సాప్ గ్రూపులో పంచి ఉంటావు, దానికి లెక్క ఉండదు. ‘అరవైకి పైగా యాక్టివ్ యూజర్లు’ అని రాస్తే, ఎలా లెక్కపెట్టావని అడుగుతారు. ‘మా సెక్షన్ గ్రూపులో పంచాను, వాళ్ళు వాడి చెప్పిన తప్పులు సరిచేశాను’ అంటే ఎవరూ ఎదురు అడగరు.

ప్లే స్టోర్‌లో లేదని లెటర్‌లో సంజాయిషీ అక్కర్లేదు. అడిగితే చెప్పడానికి తెలిసుంటే చాలు: డెవలపర్ ఖాతాకి ఒకసారి 25 డాలర్లు కట్టాలి, పైగా 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకైతే అందరికీ విడుదల చేసేముందు కనీసం 12 మంది టెస్టర్లతో వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్ నడపాలి. కాలేజీ యాప్‌కి అంత దూరం వెళ్ళలేదంటే ఏ డెవలపరూ తప్పుపట్టడు. దానికి బదులు గిట్‌హబ్ లింకు ఇవ్వు, రీడ్‌మీ పైన అర నిమిషం స్క్రీన్ రికార్డింగ్ పెట్టు. తెలియని ఏపీకేని తన ఫోన్‌లో వేసుకునేవాళ్ళు అరుదు, వీడియో మాత్రం చూస్తారు. రికార్డింగ్ లాగిన్ స్క్రీన్‌తో మొదలెట్టకు. ఎయిర్‌ప్లేన్ మోడ్ గుర్తు పైన కనబడుతుండగా గుంట ఎంచుకుని మేత బరువు కొట్టి సేవ్ నొక్కు, ఎంట్రీ లిస్టులో పడాలి. ఆపైన నెట్ ఆన్ చెయ్, పక్కన పెట్టిన రెండో ఫోన్‌లో ఆ ఎంట్రీ రావాలి. అంతే, ఆపెయ్.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, లింకు పంపేముందు తప్పకుండా చూడు. ఫైర్‌స్టోర్‌ని టెస్ట్ మోడ్‌లో మొదలెట్టి ఉంటే రూల్స్‌లో ఇలాంటి లైన్ ఉంటుంది:

```
allow read, write: if request.time < timestamp.date(2025, 5, 1);
```

మొదలెట్టిన రోజు నుంచి ముప్పై రోజులకి ఆ తేదీ పడుతుంది. అది దాటాక పైకి ఏదీ వెళ్ళదు, `PERMISSION_DENIED` వస్తుంది. నీ యాప్ ముందు ఫోన్‌లో రాసుకుంటుంది కాబట్టి చూడటానికి అంతా బాగానే ఉన్నట్టుంటుంది, `synced` మాత్రం ఎప్పటికీ `false` గానే ఉంటుంది. ప్రాజెక్టు వైవా అయిపోయి నెలలు గడిచాయి కదా, నీ సింక్ ఈపాటికి ఆగిపోయే ఉండొచ్చు. దాన్ని `if true` అని మార్చి చేతులు దులుపుకోకు. ఆ రూల్ ఉంటే ఎవరైనా మీ బాబాయి లెక్కలు చదవొచ్చు, చెరిపేయొచ్చు, రెపో తెరిచిన డెవలపర్ మొదట చూసేవాటిలో అదొకటి. లాగిన్ అయినవాళ్ళు తమ గుంటలే చూసేలా రూల్ రాయి. సర్వీస్ అకౌంట్ కీ ఫైలు పొరపాటున రెపోలోకి ఎక్కించి ఉంటే ఫైలు తీసేస్తే సరిపోదు, పాత కమిట్‌లలో ఉండిపోతుంది. కన్సోల్‌లో ఆ కీని రద్దుచేసెయ్.

ఇప్పుడు లెటర్. నువ్వు పంపేది ఇంగ్లీషులోనే. విషయం ఎలా నడవాలో ఇక్కడ తెలుగులో రాస్తున్నా, దీన్ని మాటకి మాట మార్చకుండా నీ ఇంగ్లీషులో నువ్వు చెప్పు. మామూలు చిన్న వాక్యాలు చాలు.

> నమస్కారం,
>
> మీ ప్రకటనలో నెట్ లేకపోయినా పనిచేసే యాప్‌ల అనుభవం ఉంటే మంచిదన్నారు. కాలేజీలో నేను చేసిన రెండు ఆండ్రాయిడ్ యాప్‌లలో ఒకటి అలాంటిదే. అందుకే జూనియర్ మొబైల్ డెవలపర్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను.
>
> అది రొయ్యల గుంటల్లో మేత లెక్కలు రాసుకునే యాప్. ప్రకాశం జిల్లాలో మా బాబాయి గుంటల కోసం ఫైనల్ ఇయర్‌లో నలుగురం కోట్లిన్‌లో చేశాం. మేత ఎంట్రీ, సింక్ నేను రాశాను. గుంటల దగ్గర సిగ్నల్ నిలకడగా ఉండదు కాబట్టి ఎంట్రీ ముందు ఫోన్‌లోని రూమ్‌లో పడి, నెట్ వచ్చాక ఫైర్‌స్టోర్‌కి వెళ్తుంది. రెండు ఫోన్లలో వాడటం మొదలెట్టాక కొన్ని ఎంట్రీలు మాయమయ్యాయి. రెండు ఫోన్లూ ఒకే వరుస నంబర్లు ఇస్తున్నాయి, వాటినే నేను డాక్యుమెంట్ ఐడీలుగా వాడాను, అదీ కారణం. ఎంట్రీ పుట్టినప్పుడే యూయూఐడీ ఇచ్చేలా మార్చాను. రెండు ఫోన్లనీ ఆఫ్‌లైన్‌లో పెట్టి చెరో పది ఎంట్రీలు రాసి, తిరిగి నెట్ ఇచ్చాక ఇరవై చేరాయని సరిచూశాను. ఒకే ఎంట్రీని ఇద్దరు దిద్దితే చివర చేరినదే నిలుస్తుంది, దాన్ని ఇంకా పరిష్కరించలేదు.
>
> రెండోది అటెండెన్స్ లెక్క చూపే యాప్, నేనొక్కడినే చేశాను. మా దగ్గర పరీక్షకి కూర్చోవాలంటే 75 శాతం హాజరు ఉండాలి. సెక్షన్ గ్రూపులో పంచిన మొదటి వెర్షన్ పూర్ణ సంఖ్యల భాగహారం వల్ల అందరికీ సున్నా చూపించింది. అది సరిచేస్తూ, 74.7 ఉన్నవారికి 75 అని చూపకుండా ఎప్పుడూ కిందికే దించేలా రాశాను, ఆ గీత దగ్గరి సంఖ్యలకి యూనిట్ టెస్టులు పెట్టాను.
>
> రెండింటి కోడ్, అర నిమిషం వీడియో ఈ లింకులో ఉన్నాయి. హైదరాబాద్‌కి వచ్చి వెంటనే చేరగలను.

అంతే. ఇందులో ‘ప్రతిష్ఠాత్మక’ లేదు, ‘కష్టపడే తత్వం’ లేదు, పదో తరగతి మార్కులు లేవు. మార్కులు రెజ్యూమెలో ఎలాగూ ఉంటాయి. కంపెనీ గురించి పొగడ్త రాయాలనిపిస్తే, వాళ్ళ యాప్‌ని నిజంగా వాడి చూసి అందులో గమనించింది ఒక వాక్యం రాయి. వాడకపోతే ఏమీ రాయకు. యూనిట్ టెస్టుల మాట నేను వేశాను, నీ దగ్గర లేకపోతే ఈ రాత్రి నాలుగు రాసి పెట్టు, లేదంటే ఆ ముక్క కొట్టెయ్. 269/360, 270/360, ఇంకా ఒక్క క్లాసూ జరగని మొదటి రోజు 0/0, ఈ మూడూ అందులో ఉండాలి. 0/0 దగ్గర నీ యాప్ క్రాష్ అయ్యే అవకాశం ఉంది, పూర్ణ సంఖ్యని సున్నాతో భాగిస్తే కోట్లిన్ ఊరుకోదు.

లెటర్‌ని మెయిల్‌లోనే రాయి, రెజ్యూమె మాత్రం పీడీఎఫ్‌గా జతచెయ్. లెటర్ కోసం విడిగా ఫైలు అడిగితే అప్పుడు పెట్టు. లింకుల్ని ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడు, రెపో ప్రైవేట్‌గా ఉండిపోతే నీకు తెరుచుకుంటుంది, వాళ్ళకి తెరుచుకోదు. ఇంకొకటి, రికార్డింగ్‌లో మీ బాబాయి నిజమైన గుంటల లెక్కలు, మేత బాకీలు, ఫోన్ నంబర్లు కనబడుతుంటే ఉత్తుత్తి ఎంట్రీలతో మళ్ళీ తీయి. ఆయన యాప్‌ని చూపిస్తున్నానని ఆయనకి ఒక మాట చెప్పు.